తాయి కార్డు కన్నా ముందే మొదలవ్వాల్సిన మాత్ర

కోలారు జిల్లాలో ఒక ఆడమనిషి నెల తప్పిందని తెలిస్తే ఆశా అక్క ఇంటికొచ్చి పేరు రాసుకుంటుంది. పీహెచ్‌సీలో తాయి కార్డు ఇస్తారు, దాంతోపాటే మాత్రలూ చేతిలో పెడతారు. ఏర్పాటులో పెద్ద లోటు లేదు. లోటల్లా తారీఖులోనే ఉంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర ముఖ్యంగా ఏ పని కోసం ఇస్తున్నారో, ఆ పని కార్డు చేతికొచ్చే నాటికే కడుపులోని పిండంలో అయిపోయి ఉంటుంది. బాగా అయిందా, లోపంగా అయిందా అన్నది అప్పుడిక మాత్ర చేతిలో లేదు.

లెక్క కట్టి చూస్తే ఇది తేటగా అర్థమవుతుంది. ఆండర్సన్‌పేటలో కాపురముంటూ నరసాపుర ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో వెళ్లొచ్చే ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని ఒకర్ని అనుకుందాం. మాఘమాసంలో పెళ్లయింది. మార్చి 1న ఆమె బయట చేరింది. ఇరవై ఎనిమిది రోజుల లెక్కన మార్చి 14, 15 ప్రాంతంలో అండం విడుదలై గర్భం నిలిచింది. ఆ సంగతి ఆమెకు తెలిసే దారే లేదు. మళ్లీ నెలసరి రావాల్సింది మార్చి 29న. రాలేదు. ఆ వారం నైట్ షిఫ్టు. షిఫ్టులు మారినప్పుడల్లా నాలుగు రోజులు అటూ ఇటూ కావడం ఆమెకు అలవాటే, అందుకే పట్టించుకోలేదు. ఏప్రిల్ 20న అనుమానమొచ్చి మెడికల్ షాపులో కిట్టు కొని చూసుకుంది, రెండు గీతలు పడ్డాయి. అత్తగారికి చెప్పి, సెలవు దొరికే రోజు చూసుకుని పీహెచ్‌సీకి వెళ్లేసరికి మే మొదటివారం. అదే రోజు మాత్ర వేసుకుంది. కానీ ఆమె బిడ్డ వెన్ను, తల తయారయ్యే నాళం మూసుకోవడం ఏప్రిల్ 12కే పూర్తయింది. కిట్టు కొన్న రోజే మాత్ర మొదలుపెట్టినా వారం ఆలస్యమే. ఇందులో ఆ అమ్మాయి అశ్రద్ధ ఏమీ లేదు. మే మొదటివారానికల్లా కార్డు రాయించుకోవడమంటే త్వరగా వచ్చినట్టే.

ఆ నాళాన్నే న్యూరల్ ట్యూబ్ అంటారు. గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు మీద ఒక చదునైన పొర ఏర్పడుతుంది. తమలపాకు రెండు అంచులూ పైకి లేపి కలిపినట్టు, ఆ పొర అంచులు లేచి మధ్యలో కలుసుకుని గొట్టమవుతాయి. మొదట మెడ దగ్గర అతుక్కుంటాయి, అక్కణ్ణుంచి పైకీ కిందికీ అతుకు సాగుతుంది. తలవైపు కొస ఇంచుమించు ఇరవై అయిదో రోజున, నడుంవైపు కొస ఇరవై ఎనిమిదో రోజు లోపల మూసుకుంటాయి. అప్పటికి పిండం మొత్తం కలిపినా కొన్ని మిల్లీమీటర్లే. తలవైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె పైభాగం తయారు కావు. అలాంటి బిడ్డ బతకదు. నడుంవైపు మూసుకోకపోతే వెన్నెముక తెరుచుకుని ఉండిపోతుంది, దాన్ని స్పైనా బైఫిడా అంటారు. పుట్టిన వెంటనే ఆపరేషన్ చేసినా చాలామంది పిల్లలకు కాళ్లలో బలం ఉండదు, మూత్రం, మలం మీద అదుపు ఉండదు, తలలో నీరు చేరుతుంది. అతుకు ఒకసారి తప్పితే తర్వాత ఎన్ని మాత్రలు మింగినా తిరిగి పడదు.

అంచులు అంత తక్కువ రోజుల్లో పెరిగి కలుసుకోవాలంటే అక్కడి కణాలు చాలా వేగంగా రెట్టింపవ్వాలి. ప్రతి కొత్త కణానికీ కొత్తగా డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలేటు కావాలి. తల్లి రక్తంలో అది చాలకపోతే అంచులు సమయానికి కలవవు. దీని చరిత్రలో పనిచేసే ఆడవాళ్లకూ, ఒక తెలుగువాడికీ చోటుంది. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనబడే ఒక తీవ్రమైన రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్న వస్తువే ఫోలేటు అని తర్వాత తేలింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ లేబరేటరీస్‌లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఫోలేటు పనిని అడ్డుకునే మందులు కూడా అక్కడి నుంచే వచ్చాయి. క్యాన్సరుకు, కీళ్లవాతానికి ఇప్పుడు వాడే మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. ఈ మందులు గర్భంలో పడితే పిండానికి అవకరాలు వస్తాయి. అందుకే మెథోట్రెక్సేట్ వాడుతున్న ఆడవాళ్లు బిడ్డ కావాలనుకుంటే ముందుగా డాక్టరుకు చెప్పి, దాన్ని ఎన్ని నెలల ముందు ఆపాలో తెలుసుకోవాలి.

మాత్ర నిజంగా లోపాన్ని ఆపుతుందని గట్టిగా తేలింది 1991లో. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లుల మీద ఏడు దేశాల్లో పరీక్ష జరిగింది. మళ్లీ లోపంతో వచ్చిన గర్భాలు మొత్తం ఇరవై ఏడు. అందులో ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్లవి ఆరు, వేసుకోనివాళ్లవి ఇరవై ఒకటి. అంటే పదింట ఏడు వంతులు తగ్గింది, పూర్తిగా పోలేదు. మాత్ర సరిగ్గా వేసుకున్న తల్లికీ అరుదుగా ఇలా జరగొచ్చు. అలాంటప్పుడు ఆ తల్లిని 'నువ్వేం తిన్నావు, ఏం చేశావు' అని నిలదీయడం అన్యాయం.

ఇక మోతాదు. ఇంతకుముందు ఇలాంటి లోపం ఇంట్లో లేని మామూలు ఆరోగ్యవంతురాలికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనూ గర్భానికి ముందు నుంచి మొదటి మూడు నెలల దాకా రోజూ 400 అనే ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది దీనికన్నా పెద్ద సంగతి. మాత్ర వేసుకున్న రోజే ఎర్ర రక్తకణాల్లో ఫోలేటు నిండిపోదు. పాత కణాలు పోయి, నిండుగా ఉన్న కొత్త కణాలు రావడానికి నెలలు పడుతుంది. 400 మోతాదుతో కావలసినంత మట్టానికి చేరడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. కాబట్టి కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. పైన చెప్పిన అమ్మాయి విషయంలో మూడు నెలలంటే డిసెంబరు నడుమ. అంటే పెళ్లికి ముందే. మన వైపు నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఒకటి రెండు నెలలు ఉండటం మామూలే. లగ్నపత్రిక రాసుకున్న రోజే మాత్ర మొదలుపెట్టడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేలికైన గుర్తు. ఒక బిడ్డ ఉన్నవాళ్లకైతే కాపర్-టీ తీయించుకోవాలనో, పిల్స్ ఆపాలనో అనుకున్న రోజే మొదలు. మూడో నెల నిండేదాకా ఆపకూడదు. గర్భం నాలుగైదు నెలలు రాకపోయినా అలాగే కొనసాగించాలి, ఎందుకంటే ఏ నెలలో నిలుస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 'నేను వారం వారం ఎర్రమాత్ర వేసుకుంటున్నా కదక్కా, ఇంకోటెందుకు?' అని అమ్మాయిలు అడుగుతారు. ఆ ఎర్రమాత్రలో అరవై మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భం లేని రోజుల్లో దాన్ని వారానికి ఒకటే ఇస్తారు, అది రక్తహీనత కోసం. వారానికి 500 ఎక్కడ, రోజుకు 400 చొప్పున వారానికి 2,800 ఎక్కడ! దాన్ని మానేయక్కర్లేదు, కానీ న్యూరల్ ట్యూబ్ విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. అదే ఎర్రమాత్రను నాలుగో నెల నుంచి రోజూ వేసుకోమని ఇస్తారు. అప్పుడు చిన్న ఫోలిక్ మాత్ర స్థానంలోకి అది వస్తుంది.

రెండో పొరపాటు మెడికల్ షాపులో జరుగుతుంది. రాబర్ట్‌సన్‌పేటలోనో బంగారపేటలోనో షాపుకెళ్లి 'అన్నా, ఫోలిక్ యాసిడ్ ఇవ్వండి' అంటే చాలాసార్లు 'తీసుకోమ్మా' అని ఐదు మిల్లీగ్రాముల పట్టీ ఇచ్చేస్తారు. ఎక్కువ అమ్ముడయ్యేది అదే. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. అంటే ఆ మాత్రలో ఉన్నది 5,000, మనకు కావలసింది 400. పన్నెండున్నర రెట్లు. పట్టీ వెనక ఎంజీ అని ఉందా, ఎంసీజీ అని ఉందా చూసుకోండి. ఒక్క అక్షరం తేడాయే. 'ఐదు ఎంజీ కాదన్నా, నాలుగు వందల ఎంసీజీది చూడండి' అని అడగడానికి మొహమాటపడొద్దు. లేకపోతే తెప్పించమనండి, లేదా 400 ఫోలిక్ యాసిడ్ ఉన్న గర్భిణుల మల్టీవిటమిన్ ఏదైనా ఉందేమో డాక్టరును అడగండి. మిథైల్‌ఫోలేట్ అని ఎక్కువ ఖరీదుకు అమ్మేవీ ఉన్నాయి. న్యూరల్ ట్యూబ్ లోపాలను తగ్గిస్తుందని మనుషుల మీద పరీక్షల్లో రుజువైంది ఫోలిక్ యాసిడే. జీతం డబ్బులు వాటి మీద పోయనక్కర్లేదు.

మన దగ్గర చాలామంది డాక్టర్లు అందరికీ ఐదు మిల్లీగ్రాములదే రాస్తారు. అది విషం కాదు. ఎక్కువైనది చాలావరకు మూత్రంలో పోతుంది. అలా రాసిచ్చి ఉంటే భయపడి మానేయొద్దు. కానీ 'నాకు పెద్దది ఎందుకు మేడమ్, బీ12 చూడాలా?' అని ఒక మాట అడగండి. బీ12 విటమిన్ తక్కువైనవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం మెరుగైనట్టు కనబడుతుంది, లోపల నరాల జబ్బు మాత్రం సాగుతూనే ఉంటుంది. ఇది మనకు దూరపు సంగతి కాదు. దక్షిణ భారతంలోనే ఒక ప్రాంతంలో దాదాపు వెయ్యి మంది ఆడవాళ్ల రక్తం పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందికి బీ12 తక్కువ. నూటికి డెబ్బై తొమ్మిది మందికి న్యూరల్ ట్యూబ్‌ను కాపాడే మట్టంలో ఫోలేటు లేదు. వాళ్ల తిండీ మన తిండీ మరీ వేరు కాదు.

అరికాళ్లు మంటలు, వేళ్లు తిమ్మిర్లు, నాలుక నున్నగా ఎర్రబడటం, చీకట్లో నడుస్తుంటే తూలడం ఉంటే ఫోలిక్ కన్నా ముందు బీ12 పరీక్ష చేయించుకోండి. బీ12 ఆకుకూరల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది. కోలారు పాలకు పేరున్న జిల్లా. పూట పూటా డెయిరీకి పోసే ఇంట్లో కోడలికి గ్లాసెడు పాలు మిగలని ఇళ్లు ఉన్నాయి. అక్కడ ఆ గ్లాసు ముందు పక్కన పెట్టాలి.

పెద్ద మోతాదు నిజంగా అవసరమయ్యేవాళ్లు వేరే ఉన్నారు. అంతకుముందు ఇలాంటి లోపమున్న బిడ్డ పుట్టినా, స్కానింగులో కనబడి గర్భం తీయించుకోవాల్సి వచ్చినా, భార్యాభర్తల్లో ఎవరికైనా పుట్టుకతో ఈ లోపం ఉన్నా, రోజుకు నాలుగు మిల్లీగ్రాములు కావాలి. 1991 పరీక్షలో ఇచ్చింది ఆ మోతాదే. మన దగ్గర దొరికేది ఐదు మిల్లీగ్రాముల మాత్ర కాబట్టి డాక్టర్లు అదే రాస్తారు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్, కార్బమజెపిన్ వంటి మందులు వాడేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు, సికిల్ సెల్ లేదా తలసీమియా ఉన్నవాళ్లు కూడా తమ మోతాదు ఎంతో డాక్టరునే అడగాలి. మూర్ఛ మందును మాత్రం సొంతంగా ఆపొద్దు. వాల్‌ప్రోయేట్‌తో ఈ లోపం ముప్పు ఎక్కువే, కానీ మందు ఆపి ఫిట్స్ వస్తే తల్లికే ప్రాణాపాయం. గర్భం రాకముందే నరాల డాక్టరు వేరే మందుకు మార్చగలరేమో చూస్తారు. ఇంకో సంగతి. నాలుగు మిల్లీగ్రాములు కావాలని మల్టీవిటమిన్ మాత్రలు పది మింగకూడదు. వాటిలో ఉండే విటమిన్ ఏ అంత ఎక్కువైతే అదే బిడ్డకు హాని చేస్తుంది.

మంచి తిండితో సరిపోదా అని పెద్దవాళ్లు అడుగుతారు. మన వంటలో ఫోలేటు బాగానే ఉంది. అవరెకాయ గింజలు, ఉలవలు, పెసలు, పాలకూర, తోటకూర అన్నిట్లో ఉంది. బస్సారు ఇందులో ప్రత్యేకం. ఆకుకూరా పప్పూ ఉడికించిన నీళ్లు పారబోయకుండా చారు కాచుకుంటాం కాబట్టి నీళ్లలోకి దిగిన ఫోలేటు కంచంలోకే వస్తుంది. అయితే ఎక్కువసేపు మరిగితే అందులో కొంత నశిస్తుంది, మిగిలిన దాంట్లోనూ మాత్రలోదంత బాగా ఒంటికి పట్టదు. బలవర్ధక బియ్యంలో కూడా ఫోలిక్ యాసిడ్ కలుపుతారు. కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములన్నది ప్రమాణం. రోజుకు మూడొందల గ్రాముల బియ్యం తిన్నా దాన్నుంచి వచ్చేది ముప్పై, మహా అయితే నలభైలోపు. ముద్ద ఎక్కువ తినే ఇంట్లో అదీ రాదు. తిండి మానమని కాదు, తిండిని చూసి మాత్ర మానొద్దని.

పనికి వెళ్లేవాళ్లకు అసలు కష్టం గుర్తుంచుకోవడంలో ఉంది. గనులు 2001లో మూతపడ్డాక కేజీఎఫ్ బతుకు చాలావరకు రైలు మీదా బస్సుల మీదా నడుస్తోంది. తెల్లవారకముందే మారికుప్పం, కోరమాండల్ స్టేషన్లలో బెంగళూరు రైలెక్కేవాళ్లకు, మాలూరు, వేమగల్, నరసాపుర ఫ్యాక్టరీల్లో వారానికో షిఫ్టు మారేవాళ్లకు 'రోజూ ఉదయం టిఫిన్ తర్వాత' అనే సలహా పనికిరాదు. మంచి సంగతేమిటంటే ఫోలిక్ యాసిడ్‌కు వేళతో, తిండితో పట్టింపు లేదు. ఖాళీ కడుపున వేసుకోవచ్చు, టీతోనైనా వేసుకోవచ్చు. ఇనుము మాత్రకు అలా కుదరదు, టీ, కాఫీ, పాలు దానికి అడ్డం. అందుకే గడియారాన్ని కాకుండా షిఫ్టు మారినా మారని పనిని గుర్తుగా పెట్టుకోండి. నిద్ర లేచి పళ్లు తోముకునేటప్పుడు అనుకుంటే, అది పొద్దున ఐదింటికైనా మధ్యాహ్నం రెండింటికైనా ఒకటే. మాత్రలు పట్టీలోనే ఉంచండి, విడదీసి డబ్బాలో పోస్తే వెలుతురుకు, చెమ్మకు పాడవుతాయి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు మామూలుగా ఒకటి వేసుకోండి, రెండు వద్దు.

బిడ్డ కోసం చూస్తున్న సంగతి ఫ్యాక్టరీలో తెలిస్తే కాంట్రాక్టు పొడిగించరేమోనని భయపడే అమ్మాయిలు ఉన్నారు. ఈ మాత్ర వేసుకోవడానికి సూపర్‌వైజరుకు గానీ హెచ్‌ఆర్‌కు గానీ చెప్పనక్కర్లేదు. ఇది గర్భిణి మందు కూడా కాదు, పెళ్లికాని అమ్మాయి వేసుకున్నా తప్పులేదు. ఈఎస్ఐ ఉన్నవాళ్లు డిస్పెన్సరీ డాక్టరు దగ్గర అడగొచ్చు. ఈఎస్ఐలో ప్రసూతి సెలవుకు, గర్భం పోతే ఇచ్చే ఆరు వారాల సెలవుకు జీతం రావాలంటే అంతకుముందు రెండు చందా కాలాల్లో కనీసం డెబ్బై రోజుల చందా ఉండాలి. కంపెనీ మారాలనుకునేవాళ్లు ఈ లెక్క కూడా ముందే చూసుకోవడం మేలు.

అనుకోకుండా నెల తప్పి, మాత్ర మొదలుపెట్టనే లేదని ఇప్పుడు గుర్తొచ్చినవాళ్లు ఉంటారు. కంగారు పడకండి. మాత్ర వేసుకోని తల్లుల్లోనూ ఎక్కువమంది బిడ్డలు ఏ లోపమూ లేకుండానే పుడతారు. తెలిసిన రోజే 400 మైక్రోగ్రాములది మొదలుపెట్టి పన్నెండు వారాలు నిండేదాకా వేసుకోండి, రక్తం పెరగడానికైనా అది కావాలి. పోయిన వారాల్ని పూడ్చాలని ఐదు మిల్లీగ్రాములది మింగితే లాభం లేదు. దాని బదులు రెండు స్కానింగులకు సెలవు ముందే రాయించుకోండి. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య చేసేదాంట్లో పుర్రె తయారైందో లేదో కనబడుతుంది. పద్దెనిమిది నుంచి ఇరవై వారాల మధ్య చేసేదాంట్లో వెన్ను మొత్తం చూస్తారు. కోలారు ఎస్ఎన్ఆర్ జిల్లా ఆస్పత్రికో టమక మెడికల్ కాలేజీ ఆస్పత్రికో వెళ్తే తాయి కార్డుతో పాటు చివరిసారి బయట చేరిన తారీఖు రాసుకుని తీసుకెళ్లండి. వారాల లెక్క కట్టేది ఆ తారీఖు నుంచే. రెండో స్కానింగును ఇరవై వారాలు దాటనివ్వొద్దు. ఏదైనా లోపం కనబడితే పెద్ద డాక్టరుకు చూపించుకుని, ఇంట్లో మాట్లాడుకుని, ఏం చేయాలో తేల్చుకోవడానికి చట్టం ఇచ్చిన గడువులో ఇంకా రోజులు మిగిలి ఉండాలి.